నాలుగు గోడల మధ్య బిగుసుకున్న పలక

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లలో చాలామంది ఈ చప్పుడు వినే ఉంటారు, లేదా విన్నవాళ్లు చెప్పగా తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యి ఇల్లు సద్దుమణిగిన వేళ హాల్లో ఏదో పేలినట్టవుతుంది. పరుగున వచ్చి చూస్తే కింద పడిన సామానేదీ ఉండదు. నేల మధ్యలో పక్కపక్క టైల్స్ రెండు ఒకదాని అంచును మరొకటి నెట్టుకుంటూ గుడారంలా పైకి లేచి ఉంటాయి. భూకంపమేమోనని కొందరు మెట్లు దిగి కిందికి పరుగెడతారు. పై ఫ్లాటులో ఏదో బద్దలు కొట్టారని కొందరు తగవుకు వెళతారు. కాస్త నిదానించాక నాసిరకం టైల్స్ అంటగట్టారని అమ్మినవాణ్ణి తిట్టుకోవడం మొదలవుతుంది.

లేచిన టైల్‌ను తిప్పి చూస్తే చాలాసార్లు అది పగలకుండా నిక్షేపంగా ఉంటుంది. అడుగున సిమెంటు అంటుకున్న గుర్తులు అక్కడక్కడ మాత్రమే కనిపిస్తాయి. టైల్‌ను పైకి లేపిన బలం కింది నుంచి వచ్చింది కాదు. పక్కల నుంచి వచ్చింది. గోడ నుంచి గోడ దాకా ఎక్కడా సందు లేకుండా పరిచిన నేల ఒకే పలకలా మారుతుంది. ఆ పలక వేడెక్కి పెరగబోతే పొడవు వైపూ, వెడల్పు వైపూ గోడలు అడ్డుపడతాయి. అంతటా ఒకేలా వేడెక్కిన పలకను రెండు దిక్కులా కదలనివ్వకపోతే దాని లోపల ఎంత ఒత్తిడి పుడుతుందన్నది ఇంజనీరింగు విద్యార్థులు కాగితం మీద చేసే లెక్క. ఆ లెక్కే ఆ హాల్లో చప్పుడై వినిపించింది.

ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. వేడి ఒక్కటే ఒత్తిడిని పుట్టించదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఉక్కు పలకను నున్నటి బల్ల మీద వదులుగా పెట్టి, అంతటా సమానంగా 40 డిగ్రీలు వేడి పెంచామనుకుందాం. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 40 డిగ్రీలకు మీటరు పలక 0.48 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే దాదాపు అర మిల్లీమీటరు. పొడవు అంతే పెరుగుతుంది, వెడల్పూ అంతే. మందం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. చతురస్రం చతురస్రంగానే ఉంటుంది. పలక లోపల ఎక్కడా ఏ భాగమూ మరో భాగాన్ని నెట్టదు. చేత్తో తాకితే కాలుతుందేమో గాని, ఆ పలకలో ఒత్తిడి సున్నా.

ఇప్పుడు తూర్పున ఒకటి, పడమరన ఒకటి కదలని గోడలు పెడదాం. ఉత్తర దక్షిణాలు ఖాళీగానే ఉంచుదాం. పెరగవలసిన 0.48 మిల్లీమీటర్లను గోడలు ఆపేశాయి. అంటే స్వేచ్ఛగా పెరిగిన పలకను మళ్లీ నొక్కి పాత పొడవుకు తెచ్చినట్టే లెక్క. దానికెంత బలం కావాలో ఆ లోహపు గట్టిదనం చెబుతుంది. దాన్నే యంగ్ గుణకం అంటారు. ఉక్కుకు అది సుమారు 2,00,000 మెగాపాస్కల్స్. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరు మీద ఒక న్యూటన్ బలం, ఇంచుమించు వంద గ్రాముల బరువు. గట్టిదనాన్ని ఆపేసిన పెరుగుదలతో గుణిస్తే 96 మెగాపాస్కల్స్ వస్తుంది. ఒక్కో డిగ్రీకి 2.4 చొప్పున అన్నమాట. అతుకులు లేకుండా వెల్డింగు చేసిన రైలు పట్టా ఎండలో ఎదుర్కొనేది ఈ లెక్కనే. పట్టా పొడవునా బిగుసుకుని ఉంటుంది గాని అడ్డంగా ఉబ్బడానికి దానికి ఏ అడ్డూ లేదు.

ఇక ఉత్తర దక్షిణాల్లో కూడా గోడలు కట్టేద్దాం. ఇప్పుడు ఒత్తిడి ఎంత? రెండు వైపులా అదే వేడి, అదే లోహం కాబట్టి ఇటు 96, అటు 96 అని ఎవరికైనా తోస్తుంది. అసలు జవాబు ఇటు 137, అటు 137. ఎండ పెరగలేదు, పలక మారలేదు. అడ్డంగా మరో జత గోడలు వచ్చినందుకే తూర్పు పడమరల ఒత్తిడి కూడా నూటికి నలభై పైచిలుకు పెరిగింది. ఈ లెక్కలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగడం మంచిది.

ఏ వస్తువునైనా ఒక వైపు నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది. ఎంత నొక్కితే ఎంత ఉబ్బుతుందన్నది ఆ పదార్థం స్వభావం. 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త సిమెయోఁ డెనీ పాయిజాన్ పేరిట దాన్ని పాయిజాన్ నిష్పత్తి అంటారు. ఉక్కుకు అది 0.3. అంటే పొడవులో పది వంతులు కుదిస్తే వెడల్పులో మూడు వంతులు పెరుగుతుంది. తూర్పు పడమర గోడలు పలకను కుదించినప్పుడు అది ఉత్తర దక్షిణాలకు ఉబ్బజూస్తుంది. అక్కడ గోడలు లేనప్పుడు హాయిగా ఉబ్బింది, ఆ ఉబ్బుకు ఎవరూ మూల్యం కట్టలేదు. ఇప్పుడు అక్కడా గోడలున్నాయి. అవి వేడి వల్ల వచ్చే పెరుగుదలనే కాక, పక్క గోడల నొక్కుడు వల్ల వచ్చే ఈ ఉబ్బును కూడా ఆపాలి. కాబట్టి 96కు తోడు అందులో 0.3 వంతు, అంటే 28.8 అదనంగా నెట్టాలి.

కథ అంతటితో ఆగదు. ఉత్తర దక్షిణ గోడలు అదనంగా నెట్టిన ఆ 28.8 పలకను తిరిగి తూర్పు పడమరలకు ఉబ్బించబోతుంది. దాన్ని ఆపడానికి అటు గోడలు 28.8లో 0.3 వంతు, అంటే సుమారు 8.6 ఎక్కువ నెట్టాలి. అందుకు ప్రతిగా ఇటు మరో 2.6 కావాలి. ఆ తర్వాత 0.8. ఇలా ఒక జత గోడల నెట్టుడు రెండో జత మీద పడుతూ, ప్రతి విడతా ముందు విడతలో 0.3 వంతుకు తగ్గుతూ పోతుంది. 96, 28.8, 8.6, 2.6, 0.8 ఇలా కలుపుకుంటూ పోతే మొత్తం 137 దగ్గర నిలుస్తుంది. నిజానికి ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరగవు, అన్నీ ఒక్కసారే జరుగుతాయి. విడతలుగా చూడడం మన అర్థం కోసమే. బడిలో నేర్చుకున్న గుణశ్రేఢి మొత్తం ఇదే. అనంతంగా సాగే ఆ శ్రేఢిని కలిపితే 1ని 0.7తో భాగించినట్టవుతుంది. అందుకే పుస్తకాల్లో సూత్రం ఇంత పొట్టిగా కనిపిస్తుంది:

σ = E α ΔT / (1 − ν)

ఇందులో σ ఒత్తిడి, E యంగ్ గుణకం, α డిగ్రీకి పెరిగే వంతు, ΔT పెరిగిన వేడి, ν పాయిజాన్ నిష్పత్తి. కింద ఉన్న 1 − ν ను తీసేస్తే రైలు పట్టా సూత్రం మిగులుతుంది. వేడినీ సాగే గుణాన్నీ ఒకే లెక్కలో కలిపే పద్ధతిని 1830ల్లో ఫ్రాన్సుకు చెందిన ద్యుహామెల్ రూపొందించాడు. జర్మనీలో ఫ్రాంజ్ నాయ్‌మన్ కూడా ఆ దారిలోనే నడిచాడు. ఇప్పటికీ ఆ సమీకరణాలు వాళ్లిద్దరి పేరుతోనే ఉన్నాయి.

సూత్రంలో ఏముందో చూశాం. ఏది లేదో కూడా చూడాలి. పలక పొడవు వెడల్పులు అందులో లేవు. అరచేతంత పలకైనా, పెళ్లి మండపమంత పలకైనా, పూర్తిగా బిగిస్తే 40 డిగ్రీలకు ఉక్కులో పుట్టే ఒత్తిడి అదే 137. పెద్ద పలక ఎక్కువ పెరగాలనుకుంటుంది గాని, ఆ పెరుగుదలను పంచుకునే పొడవు కూడా ఎక్కువే కదా. మందం కూడా సూత్రంలో లేదు. అయితే గోడల మీద పడే బలం లెక్కకు వచ్చేసరికి మందం ముందుకొస్తుంది. 6 మిల్లీమీటర్ల మందమున్న పలక 137 మెగాపాస్కల్స్ ఒత్తిడితో నెడితే, గోడ ప్రతి మీటరు పొడవు మీద 80 టన్నులకు పైగా భారం పడుతుంది. ఇంత భారాన్ని ఇసుమంతైనా కదలకుండా భరించే గోడ లోకంలో ఉండదు. గోడ కాస్త జరుగుతుంది, జరిగినంత మేరకు ఒత్తిడి తగ్గుతుంది. అందుకే 137 అన్నది గరిష్ఠమని, నిజ జీవితంలో అంతకు లోబడే ఉంటుందని అనుకోవాలి. అర మిల్లీమీటరు సందు దొరికినా చాలు, మన మీటరు పలకలో ఒత్తిడి పూర్తిగా మాయమవుతుంది. ఆ సందు రెండు దిక్కులా ఉండాలి. ఒక దిక్కునే ఉంచితే రెండో దిక్కున 96 అలాగే మిగులుతుంది.

మూడో దిక్కు సంగతేమిటి? పలకకు పైన ఏ అడ్డూ లేదు కాబట్టి పక్కలకు పోలేని పెరుగుదలలో కొంత మందం వైపు తిరుగుతుంది. మామూలుగా వేడికి పెరగవలసిన దానికి 1.86 రెట్లు మందం పెరుగుతుంది. పైనా కిందా కూడా అదే పట్టున బిగించేస్తే ఒక్కో దిక్కును మిగిలిన రెండు దిక్కులూ నెడతాయి. అప్పుడు ఒత్తిడి 96కు రెండున్నర రెట్లు, అంటే 240కి చేరుతుంది. మూసిన ప్రతి దారీ మిగిలిన దారుల మీద భారం పెంచుతుందని ఈ మూడు అంకెలు వరసగా చూపిస్తాయి. 96, 137, 240.

ఇంతవరకూ పలక చదునుగానే ఉంటుందని అనుకున్నాం. పలచని పలక విషయంలో అది నిలవదు. దానికి తప్పించుకునే దారి ఒకటుంది. పక్కలకు పెరగలేనప్పుడు పైకి ఉబ్బి వంగిపోతుంది. వంగిన రేకు కొలత చదునైన రేకు కంటే ఎక్కువ కాబట్టి, గోడల మధ్య దూరం మారకుండానే పెరుగుదలకు చోటు దొరుకుతుంది. అంచుల నుంచి నొక్కిన పలక ఎంత ఒత్తిడి దగ్గర ఇలా ఉబ్బుతుందన్న లెక్కను 1891లో బ్రిటిషు గణితవేత్త జి. హెచ్. బ్రయాన్ ప్రచురించాడు. ఓడ పక్కల రేకులు ఉబ్బిపోవడం ఆయన దృష్టిలో ఉన్న సమస్య. ఆయన ఫలితాన్ని పై సూత్రంతో కలిపితే, ఎన్ని డిగ్రీలకు పలక ఉబ్బుతుందో తేలుతుంది.

మన మీటరు చతురస్రపు పలకనే తీసుకుందాం. మందం 6 మిల్లీమీటర్లు. నాలుగు అంచులూ బయటికి జరగలేవు గాని, తలుపు బందు మీద తిరిగినట్టు తిరగగలవు. లెక్క వేస్తే వచ్చే జవాబు 3.8 డిగ్రీలు. నలభై కాదు, నాలుగు కూడా నిండలేదు. ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఎండ తేడా చాలు. ఆ క్షణాన పలకలో ఉన్న ఒత్తిడి 13 మెగాపాస్కల్స్ మాత్రమే, ఉక్కు బలంతో పోలిస్తే లెక్కలోకి రానిది. అంచులను తిరగనివ్వకుండా పూర్తిగా బిగించినా పది డిగ్రీలు దాటదు. అదే పలకను 12 మిల్లీమీటర్ల మందంతో చేస్తే, తిరగగల అంచులతోనే 15 డిగ్రీల దాకా ఆగుతుంది. 25 మిల్లీమీటర్లయితే 66 డిగ్రీలు. మందం రెట్టింపయితే ఓర్పు నాలుగు రెట్లవుతుంది. పలక పొడవు వెడల్పులు రెట్టింపయితే ఓర్పు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒత్తిడి సూత్రంలో చోటు దొరకని కొలతలన్నీ ఇక్కడ పెత్తనం చేస్తాయి.

ఈ లెక్కలో మరో విశేషముంది. ఉబ్బే ఉష్ణోగ్రతలో యంగ్ గుణకం కనబడదు. గట్టి లోహం వేడికి ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది, వంగకుండా కూడా అంతే ఎక్కువగా బిగదీసుకుంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. కాబట్టి ఉబ్బకుండా ఉండాలంటే మరింత గట్టి లోహాన్ని వెతికి ప్రయోజనం లేదు. వేడికి తక్కువ పెరిగేదాన్ని వెతకాలి, లేదా మందం పెంచాలి, లేదా పలకను చిన్న ముక్కలు చేయాలి. వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు పెరిగే అల్యూమినియంతో అదే 6 మిల్లీమీటర్ల పలక చేస్తే రెండు డిగ్రీలకే ఉబ్బుతుంది.

పలకను ముందే ముడతలు పెట్టడం ఇంకో ఉపాయం. రేకుల షెడ్డు కప్పులో అలలు అలలుగా ఉండే రేకు అడ్డంగా పెరిగినప్పుడు అల కాస్త లోతవుతుంది, అంతే. పక్క రేకును నెట్టదు. 1964 డిసెంబరులో మొదటిసారి ఎగిరిన అమెరికా గూఢచారి విమానం ఎస్ఆర్-71 రెక్కల మీద కూడా ఇలాంటి ముడతల టైటానియం రేకునే వాడారు. ధ్వని కంటే మూడు రెట్లకు పైగా వేగంతో పోయేటప్పుడు గాలి రాపిడికి రెక్క మీది తొడుగు విపరీతంగా కాగిపోతుంది. లోపలి చట్రం అంత త్వరగా వేడెక్కదు. తొడుగు నున్నగా ఉంటే చట్రం దాన్ని రెండు దిక్కులా పట్టి ఆపుతుంది, అది మెలికలు తిరిగిపోతుంది.

ఉబ్బడానికి వీలులేని మందపాటి పలకకు మరో రకం ప్రమాదముంది. అది నొక్కుడును భరిస్తూనే పోతుంది. సాధారణ నిర్మాణ ఉక్కు సుమారు 250 మెగాపాస్కల్స్ దగ్గర లొంగిపోతుంది, అంటే ఆ తర్వాత శాశ్వతంగా ఆకారం మారుతుంది. ఒక దిక్కునే బిగిస్తే అందుకు 104 డిగ్రీల వేడి కావాలి. రెండు దిక్కులా బిగిస్తే 73 చాలు. ఇప్పుడు పలకను 100 డిగ్రీలు వేడి చేశామనుకుందాం. లెక్క ప్రకారం 343 రావాలి, కాని లోహం 250 దగ్గరే లొంగి కుదించుకుపోయింది. మళ్లీ చల్లబరిస్తే 343 మేరకు ఒత్తిడి వెనక్కి పోతుంది. అంచులు గోడలకు అతికి ఉంటే చివరికి మిగిలేది 93 మెగాపాస్కల్స్ లాగుడు. వేడి పోయింది, పలక పాత ఉష్ణోగ్రతకు వచ్చింది, అయినా లోపల ఎవరో నాలుగు వైపులా గుంజుతున్నట్టు ఉంటుంది. వేడిలో నొక్కుడుకు లొంగినది చలిలో లాగుడుకు గురవుతుంది. వెల్డింగు చేసిన చోట పలకలు వంకర పోవడానికీ, చల్లారాక పగుళ్లు రావడానికీ ఇలాంటి క్రమమే కారణం. పగులు ఎప్పుడు కనిపించిందో చూసి, కారణం కూడా అప్పుడే పుట్టిందనుకుంటే పొరపాటు.

ఇప్పుడు మన హాలుకు వద్దాం. నేల మీద రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ పరిచారు. మందం పది మిల్లీమీటర్లు. ఒక టైల్‌కూ మరోదానికీ మధ్య సందు కనబడితే అందంగా ఉండదని అంచుకు అంచు ఆనించేశారు. గోడ దాకా నెట్టి, దాని మీద స్కర్టింగ్ అతికించారు. టైల్ వేడికి ఉక్కు కంటే తక్కువ పెరుగుతుంది. డిగ్రీకి పది లక్షల వంతుల్లో ఏడు అనుకోవచ్చు. కిటికీలోంచి పడే ఎండకు నేల 15 డిగ్రీలు వేడెక్కిందంటే, ఐదు మీటర్ల హాలులో పెరుగుదల అర మిల్లీమీటరు. దాన్ని రెండు దిక్కులా ఆపితే పుట్టే ఒత్తిడి ఆరేడు మెగాపాస్కల్స్. టైల్ పగిలిపోవడానికి ఇది ఏ మూలకూ చాలదు. నొక్కుడును ఓర్చుకోవడంలో టైల్స్ చాలా గట్టివి. అందుకే లేచిన టైల్స్ చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి.

టైల్ అడుగంతా సిమెంటు గట్టిగా పట్టి ఉంటే ఈ ఒత్తిడి ఎవరికీ తెలియకుండా వచ్చి పోతుంది. పైకి లేవాలంటే ముందు కింది పట్టు వదలాలి. సమస్య అక్కడే మొదలవుతుంది. టైల్ అడుగున అక్కడక్కడ ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపుగా పీల్చుకోదు కాబట్టి మామూలు సిమెంటు పాలు దానికి సరిగా పట్టవు. అలా నాలుగు టైల్స్, అంటే నాలుగడుగుల చతురస్రం మేర పట్టు వదిలిందనుకుందాం. ఉబ్బే ఉష్ణోగ్రత లెక్కను దానికి అన్వయిస్తే సుమారు 14 డిగ్రీలు వస్తుంది. డొల్ల ప్రాంతం ఎనిమిదడుగుల చతురస్రానికి పెరిగితే మూడున్నర డిగ్రీలే. టైల్స్ నేల అఖండమైన పలక కాదు, అతుకుల దగ్గర బలహీనంగా ఉంటుంది, కాబట్టి ఇవి ఉజ్జాయింపు అంకెలే. అయినా అవి ఏ పరిధిలో ఉన్నాయో చూస్తే చాలు. వేసవి మధ్యాహ్నం అందించగలిగిన వేడి అంతే.

ఇక్కడ ఎండను మించిన దోషి ఒకటుంది. కింద ఉన్న కాంక్రీటు ఎండే కొద్దీ ఏళ్ల తరబడి కుంచించుకుపోతుంది. టైల్స్ వేసిన తర్వాత అది మీటరుకు 0.2 మిల్లీమీటర్లు కుంచించుకుందనుకుంటే, టైల్స్‌ను 28 డిగ్రీలు వేడి చేసి బిగించినదానితో అది సమానం. టైల్ పెరిగినా, కింది కాంక్రీటు తగ్గినా టైల్‌లో పుట్టే నొక్కుడు ఒకటే. ఈ కుంచించుకుపోవడం కూడా రెండు దిక్కులా జరుగుతుంది కాబట్టి సూత్రం మారదు, డిగ్రీల చోట దీన్ని పెట్టుకుంటే సరి. కొత్త స్లాబు పూర్తిగా ఆరకముందే హడావిడిగా టైల్స్ వేసిన ఇళ్లలో రెండు మూడేళ్ల తర్వాత ఒకనాడు నేల లేవడానికి ముఖ్య కారణం ఇదే. ఎండ చివరి తోపు మాత్రమే.

చలికి కూడా టైల్స్ లేస్తాయంటే మొదట నమ్మబుద్ధి కాదు. 2018 జనవరిలో వరస వానలతో సింగపూర్‌లో ఉష్ణోగ్రత 22 డిగ్రీల దరిదాపులకు దిగినప్పుడు ఎన్నో ఫ్లాట్లలో నేల టైల్స్ లేచిపోయాయి. కాంక్రీటు డిగ్రీకి పది లక్షల వంతుల్లో సుమారు పది తగ్గుతుంది, టైల్ ఏడే తగ్గుతుంది. రెండూ కలిసి చల్లబడినా కాంక్రీటు ఎక్కువ ముడుచుకుని టైల్స్‌ను నొక్కుతుంది. తేడా చిన్నదే. అప్పటికే కుంచించుకున్న స్లాబు మీద, పట్టు వదిలిన టైల్స్‌కు ఆ చిన్న తేడా చాలింది. పలక వేడెక్కిందా చల్లబడిందా అన్నదానికంటే, తనను పట్టుకున్నదానితో పోలిస్తే ఎంత పెరగజూసిందన్నదే లెక్కకు వస్తుంది.

కంప్యూటర్ చిప్‌లలోనూ ఈ లెక్కే నడుస్తుంది. సిలికాన్ పలక మీద పరిచిన అల్యూమినియం పొర వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. సిలికాన్ వేడికి బాగా తక్కువ పెరుగుతుంది, అల్యూమినియం దానికి తొమ్మిది రెట్ల దాకా పెరగజూస్తుంది. పట్టు మాత్రం ఎక్కడా వదలదు. ఒక్కో డిగ్రీకి రెండు మెగాపాస్కల్స్ చొప్పున రెండు దిక్కులా ఒత్తిడి పేరుకుంటుంది. మొత్తం పొరగా ఉబ్బలేని లోహం తెరిచి ఉన్న మూడో దిక్కులో, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే చిన్న చిన్న గుబ్బలుగా బయటికి తన్నుకొస్తుంది. ఆ గుబ్బ పై పొరలోని తీగను తాకితే చిప్ పాడవుతుంది.

మేడ మీది నేల హాలు కంటే కష్టమైన చోటు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చాక కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల టైల్స్ గురించి చాలామంది ఆలోచిస్తున్నారు. ఇంటికి అవి చల్లదనమిస్తాయి, అందులో సందేహం లేదు. అయితే తెల్లవారుజాముకూ మూడు గంటల ఎండకూ మధ్య నేల 30 డిగ్రీలు వేడెక్కినా, పది మీటర్ల డాబా మీద టైల్స్ రెండు మిల్లీమీటర్లకు పైగా పెరగాలి. నాలుగు పక్కలా పిట్టగోడ ఉంటుంది. దారి లేకపోతే టైల్స్ లేవాలి, లేదా పిట్టగోడ అడుగున సన్నని అడ్డ పగులు రావాలి. అలాంటి పగులులోంచి వాన నీరు దిగుతుంటే చాలామంది వాటర్‌ప్రూఫింగ్ పూతలు వేయిస్తారు. నేల గోడను నెట్టడం ఆపనంతకాలం ఆ పూత నిలవదు.

నేల లేవకముందే కొన్ని గుర్తులు చెబుతుంది. టైల్స్ మీద నాణెంతో గాని కర్ర మొనతో గాని తట్టుకుంటూ పోతే పట్టు ఉన్నచోట గట్టి శబ్దం, వదిలినచోట డొల్ల శబ్దం వస్తుంది. ఒకటి రెండు టైల్స్ మూలల్లో డొల్లగా ఉంటే కంగారు లేదు. పక్కపక్కనే నాలుగైదు అలా మోగితే జాగ్రత్త పడాలి. టైల్స్ మధ్య గ్రౌట్ పొడిపొడిగా నలిగి బయటికి రావడం రెండో గుర్తు. అరిగిపోయి గుంట పడటం వేరు, నలిగి పైకి రావడం వేరు. రెండోది నొక్కుడుకే వస్తుంది. ఈ దశలో గోడ వెంట స్కర్టింగ్ తీయించి, అంచు వరస టైల్స్‌ను కట్టర్‌తో కాస్త కోయించి సందు చేస్తే నొక్కుడు చాలావరకు వదిలిపోతుంది. లేచిన టైల్స్‌ను తీసి మళ్లీ అదే చోట అదే బిగువుతో అతికించడం మాత్రం వృథా. చాలాసార్లు ఆ పాత టైల్ పాత చోట పట్టదు కూడా, చుట్టుపక్కల టైల్స్ అప్పటికే ముందుకు జరిగి ఉంటాయి.

కొత్తగా వేయించుకునేవాళ్లకు పని తేలిక. గోడ చుట్టూ ఆరు నుంచి పది మిల్లీమీటర్ల సందు వదలాలి. అది స్కర్టింగ్ కింద దాగిపోతుంది. ఆ సందులో సిమెంటు గాని గ్రౌట్ గాని పడకూడదు. ఖాళీగా ఉంచాలి, లేదంటే సిలికోన్ లాంటి మెత్తని సీలెంట్ నింపాలి. టైల్స్ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాలి. అడెసివ్‌ను ముద్దలుగా కాక పళ్ల తాపీతో అడుగంతా పట్టించాలి. పెద్ద హాళ్లకు మధ్యలో కూడా మెత్తని జాయింట్లు కావాలి. అమెరికా టైల్ పరిశ్రమ మార్గదర్శకాలు ఇంటి లోపల 25 అడుగులు దాటకుండా, ఆరుబయట గాని ఎండ పడేచోట గాని 8 నుంచి 12 అడుగులకు ఒకటి చొప్పున వీటిని పెట్టమంటాయి. ప్రతి దిక్కులోనూ పెట్టాలని కూడా అవి స్పష్టంగా చెబుతాయి. పొడవు వైపు పెట్టి వెడల్పు వైపు మరిచిపోతే సగం పనే అయినట్టు.

ఈ జాయింట్లు నేల అందాన్ని పాడుచేస్తాయని ఇంటివాళ్లూ, తలనొప్పని మేస్త్రీలూ వాటిని వదిలేస్తున్నారు. గోడ దగ్గరి సందుకైతే ఆ సాకు కూడా లేదు, అది ఎవరికీ కనబడదు. మీ ఇంట్లో టైల్స్ పని జరుగుతుంటే, స్కర్టింగ్ అతికించే రోజుకు ముందు వెళ్లి నాలుగు గోడల వెంటా ఆ సందు ఉందో లేదో, అందులో సిమెంటు పడి బిగుసుకుపోయిందో ఒక్కసారి చూసుకోండి. స్కర్టింగ్ పడ్డాక చూడాలంటే మళ్లీ పగలగొట్టాల్సిందే.